కార్తీక సోమవారం ఉపవాసంలో అమ్మకు తలనొప్పి, నీరసం: షుగర్ మాత్ర వల్లనా, బీపీ మాత్ర వల్లనా?

బుచ్చి_శ్రీను (సోమవారం, రాత్రి 9:10)

మాది బుచ్చిరెడ్డిపాలెం. అమ్మకు 61 ఏళ్లు. షుగర్ తొమ్మిదేళ్లుగా, బీపీ ఆరేళ్లుగా ఉన్నాయి. పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర ఒకటి, దాంతో పాటే టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథియాజైడ్ 12.5 కలిసిన బీపీ మాత్ర ఒకటి వేసుకుంటుంది. రాత్రికి మాత్రలేమీ లేవు.

ఈ రోజు కార్తీకంలో మొదటి సోమవారం. అమ్మ నాలుగింటికే లేచి తలస్నానం చేసి, ఆరింటికి రెండు మాత్రలూ ఒక గుక్క నీళ్లతో వేసుకుని జొన్నవాడ గుడికి వెళ్లింది. మందులు ఒక్క రోజు కూడా మానవద్దని డాక్టర్ ఎప్పుడో చెప్పిన మాట ఆమెకు వేదం. ఆ గుక్క తర్వాత నీళ్లు ముట్టలేదు. పది, పదకొండుకి తల పట్టేసినట్టుందని అంది. మూడింటికి గుడి నుంచి ఇంటికి వచ్చి మంచం మీద వాలిపోయింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. ఎప్పుడూ మాట తూలని మనిషి నా భార్య మీద విసుక్కుంది. తలనొప్పే కదా అని పారాసెటమాల్ ఇచ్చి పడుకోబెట్టాం. ఆరుంబావుకి చుక్క చూసి, దీపం పెట్టి, అరటిపండు, ప్రసాదం తిన్నాక మనిషి తేరుకుంది. ఆరు నలభైకి షుగర్ మిషన్‌తో చూస్తే 118, బీపీ 104/64. షుగర్ బాగానే ఉంది కదా, మరి ఈ నీరసం దేనివల్ల? ఇంకా మూడు సోమవారాలు ఉన్నాయి. ఆమె మానుకునేలా లేదు.

లక్ష్మి_ఆత్మకూరు (సోమవారం, రాత్రి 9:32)

ఫాస్టింగ్‌లో 118 అంటే కొంచెం ఎక్కువే బాబూ. షుగర్ లేనివాళ్లకైతే వందలోపు ఉంటుంది. పొద్దున్నే ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, తిన్నాక రెండు గంటలకు మళ్లీ ఇవ్వండి. మా అమ్మకు అలాగే చూపిస్తాం.

బుచ్చి_శ్రీను (సోమవారం, రాత్రి 9:40)

లక్ష్మి గారూ, నేను అడిగింది ల్యాబ్ టెస్టు గురించి కాదండీ. దేవుడి ఉపవాసం రోజు వచ్చిన నీరసం గురించి.

రమణయ్య_పొదిలి (సోమవారం, రాత్రి 10:05)

దీనికంత టెన్షన్ పడక్కర్లేదు. తిండి లేని రోజు మాత్ర కూడా ఉండకూడదు, అంతే. నేను పదేళ్లుగా ఏకాదశులన్నీ ఉంటున్నాను. ఆ రోజు షుగర్ మాత్ర, బీపీ మాత్ర రెండూ పక్కన పెట్టేస్తాను, ద్వాదశి పొద్దున మళ్లీ మొదలుపెడతాను. నాకెప్పుడూ చెమటలు పట్టలేదు. సాయంత్రానికి గుండె కొంచెం దడదడలాడుతుంది, అది ఉపవాసం కదా, మామూలే.

వసంత_ఒంగోలు (సోమవారం, రాత్రి 10:48)

శ్రీనూ, నేను 22 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో ఎక్కువ కాలం మెడికల్ వార్డులోనే. మీ అమ్మగారికి మూడింటికి షుగర్ పడిపోయిందని నా అనుమానం. మీరు చూసిన 118 అరటిపండు, ప్రసాదం లోపలికి వెళ్లాక వచ్చిన అంకె. మూడు గంటలప్పుడు ఎంత ఉందో అది చెప్పదు. చెమట, వణుకు, ఉన్నట్టుండి విసుగు, తిన్న కాసేపటికి తేరుకోవడం, ఈ నాలుగూ కలిసి వస్తే ముందు షుగర్‌నే అనుమానించాలి.

కారణం గ్లిమెపిరైడ్. తిన్నా తినకపోయినా అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తూనే ఉంటుంది, దాని పని దాదాపు రోజంతా సాగుతుంది. మామూలు రోజు ఇడ్లీ, అన్నం ఆ ఇన్సులిన్‌కి సరిపోతాయి. ఉపవాసం రోజు సరిపోయేది ఏమీ లేదు. మెట్‌ఫార్మిన్ అలా కాదు, అది ఒక్కటే వేసుకునేవాళ్లకు షుగర్ పడిపోవడం అరుదు. మీ అమ్మగారి మాత్రలో రెండూ కలిసి ఉన్నాయి, చిక్కు అక్కడే.

రమణయ్య గారూ, మీరు వేసుకునే మాత్రల పేర్లు చెప్తారా?

రమణయ్య_పొదిలి (మంగళవారం, ఉదయం 6:20)

మెట్‌ఫార్మిన్ 500, అటెనొలాల్ 50.

వసంత_ఒంగోలు (మంగళవారం, ఉదయం 7:15)

నేననుకున్నదే. మీకు చెమటలు పట్టకపోవడానికి కారణం మీరు మాత్ర మానడం కాదండీ, మీ మాత్ర మెట్‌ఫార్మిన్ కావడం. తిండి లేని రోజు షుగర్ మాత్ర మామూలుగా వేసుకోకూడదన్న మీ మాట శ్రీను వాళ్ల అమ్మగారి విషయంలో సగం నిజం. బీపీ మాత్ర గురించి మాత్రం ఒప్పుకోలేను. అటెనొలాల్ గుండె వేగాన్ని అదుపులో పెట్టే మందు. దాన్ని ఉన్నట్టుండి ఆపితే గుండె ఎదురు తిరిగినట్టు పరుగెత్తుతుంది. సాయంత్రం మీకు వచ్చే దడ ఉపవాసం వల్ల అని పదేళ్లుగా అనుకుంటున్నారు. అది మాత్ర మానడం వల్ల అయ్యుండొచ్చు. గుండె జబ్బు లోపల ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. ఈసారి డాక్టర్ దగ్గర ఈ ఒక్క మాట అడగండి.

రమణయ్య_పొదిలి (మంగళవారం, ఉదయం 7:50)

అడుగుతాను. కానీ పదేళ్లు ఏమీ కాలేదు కదమ్మా.

కరీమ్_కావలి (మంగళవారం, మధ్యాహ్నం 1:25)

శ్రీను అన్నా, మీ అమ్మగారి సంగతి చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మూడేళ్ల కిందట రంజాన్‌లో తెల్లవారుజామున సహరీకి అన్నం తిని ఇదే గ్లిమెపిరైడ్ వేసుకున్నాడు. అసర్ నమాజు దగ్గర కాళ్లు తేలిపోయాయి. మసీదులోనే కూర్చోబెట్టి చూస్తే 58. రోజా విడవనని మొండికేస్తే ఇమామ్ గారే ఖర్జూరం నోట్లో పెట్టారు. జబ్బుపడ్డవాడికి వేరే రోజుల్లో తీర్చుకునే వెసులుబాటు ఖురాన్‌లోనే ఉందని గట్టిగా చెప్పారు.

తర్వాత డాక్టర్ ఆ మాత్రను ఇఫ్తార్ భోజనానికి మార్చి, డోసు తగ్గించాడు. ఆ ఏడాది మళ్లీ పడిపోలేదు. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజు రోజా ఆపేయాలని రాసిచ్చాడు. వేలికి సూది గుచ్చితే రోజా పోతుందని నాన్నకు భయం ఉండేది. పోదని ఇమామ్ గారు చెప్పాక ఇప్పుడు రోజుకు రెండుసార్లు చూసుకుంటున్నాడు.

వసంత_ఒంగోలు (మంగళవారం, రాత్రి 9:05)

కరీమ్ తమ్ముడు చెప్పింది బాగా గుర్తుపెట్టుకో శ్రీనూ. మీ అమ్మగారు రోజంతటికీ తినేది రాత్రి భోజనం ఒక్కటే కాబట్టి షుగర్ మాత్ర ఆ భోజనం వైపు జరగాలి. ఎంత డోసు అనేది నేను చెప్పను, మీ డాక్టరే చెప్పాలి. కిడ్నీ కొంచెం మందగించినా గ్లిమెపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది, అందుకే క్రియాటినిన్ చూసి నిర్ణయిస్తారు.

ఇక బీపీ. హైడ్రోక్లోరోథియాజైడ్ అంటే మనం యూరిన్ మాత్ర అంటాం చూడు, అదే. మీ అమ్మగారి ఒకే బిళ్లలో అదీ ఉంది. నీళ్లు తాగకుండా ఉన్న రోజు అది ఒంట్లో ఉన్న నీటిని, ఉప్పును ఇంకా బయటికి తోడేస్తుంది. 104/64 కూడా తిన్నాక చూసిందే కదా, గుడి మెట్ల దగ్గర ఇంకా తక్కువ ఉండి ఉంటుంది. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడు. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఒంట్లో నీళ్లు చాలడం లేదనో, మాత్ర ఎక్కువైందనో అర్థం. లేచినప్పుడు కళ్లు తిరిగి, పడుకుంటే తగ్గిపోయే నీరసం ఈ రకం. షుగర్ పడిపోయిన నీరసం పడుకున్నా తగ్గదు.

ఇంకో ప్రశ్న. అమ్మగారు రోజూ కాఫీ తాగుతారా?

బుచ్చి_శ్రీను (మంగళవారం, రాత్రి 9:30)

తాగుతుందక్కా. లేవగానే ఒకటి, పదింటికి ఒకటి, సాయంత్రం ఒకటి. ఫిల్టర్ కాఫీ, చిక్కగా. సోమవారం పొద్దున ముట్టలేదు.

వసంత_ఒంగోలు (మంగళవారం, రాత్రి 9:52)

అయితే పదకొండు గంటలప్పటి తలనొప్పి చాలావరకు దానిదే అయ్యుండాలి. ముందు రోజు సాయంత్రం తాగిన కాఫీ తర్వాత పదిహేను గంటలు దాటిపోయాయి. రోజూ మూడు కప్పులు తాగే మనిషికి ఆ సమయానికి తల రెండు వైపులా బరువెక్కుతుంది. మూడింటికి వచ్చిన చెమట, వణుకు వేరే సంగతి. మీరు రెండింటినీ ఒకటే అనుకుని పారాసెటమాల్ ఇచ్చారు. అది తలనొప్పికి పనిచేస్తుంది, షుగర్‌ని ఏమీ చేయదు.

విశ్రాంత_తెలుగు_మాస్టారు (బుధవారం, ఉదయం 5:40)

నాయనా శ్రీనూ, అమ్మగారికి నా మాటగా ఒకటి చెప్పు. కార్తీక పురాణంలో సోమవార వ్రతం ఆరు రకాలుగా ఉంది: ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం. ఎవరి శక్తిని బట్టి వారికి. ఏకభుక్తం అంటే పగలు ఒకపూట భోజనం చేసి, రాత్రి తీర్థమో తులసి దళమో తీసుకోవడం. అది చేసినా సోమవారం చేసినట్టే.

వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది ఉన్నాయని మన పెద్దలు చెప్పిన మాట కూడా ఉంది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. మొదటిది నీళ్లే చూడు. నీళ్లు కూడా ముట్టకుండా ఉండాలన్న పట్టుదల ఆమెది, శాస్త్రం అంత దూరం అడగలేదు.

బుచ్చి_శ్రీను (బుధవారం, రాత్రి 8:15)

మాస్టారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. నీళ్లు తాగడానికి ఒప్పుకుంది. ఏకభుక్తానికి మాత్రం ఒప్పుకోవడం లేదు, నాన్న పోయినప్పటి నుంచి ఇలాగే నక్తం ఉంటున్నానని అంటోంది. డాక్టర్ గారు ఊళ్లో లేరు, వచ్చే మంగళవారం వస్తారట. అంటే రెండో సోమవారం ఆయనకు చూపించకుండానే గడిచిపోతుంది.

వసంత_ఒంగోలు (బుధవారం, రాత్రి 9:00)

అయితే ఆ సోమవారం ఉపవాసం వద్దని నా మాట. మాత్ర ఎలా మార్చాలో తెలియకుండా ఉండటం కంటే ఆ ఒక్క వారం స్నానం, దీపంతో సరిపెట్టుకోవచ్చు. ఆమె వినకపోతే కనీసం షుగర్ మిషన్ పక్కన పెట్టుకో. పొద్దున పదింటికి, ఒంటిగంటకు, మూడింటికి, చుక్క చూసే ముందు వేలు గుచ్చాలి. ఒంట్లో తేడా అనిపిస్తే టైం చూడకుండా అప్పుడే గుచ్చాలి. 70 కంటే తక్కువ వస్తే ఉపవాసం అక్కడితో ఆగిపోవాలి. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వాలి. దాటాక ఊరుకోకూడదు. గ్లిమెపిరైడ్ ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి రెండు గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. అన్నమో, ఇడ్లీయో కడుపులో పడాల్సిందే.

మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 108కి ఫోన్ చేయండి. మాట తడబడినా, ఒక చెయ్యో కాలో బలం తగ్గినా, బీపీ 180 దాటి తల పగిలిపోయేలా నొప్పి వచ్చినా అంతే.

విశ్రాంత_తెలుగు_మాస్టారు (గురువారం, ఉదయం 6:05)

వసంతమ్మా, పంచదార నీళ్లంటే ఆమె వెనకాడవచ్చు, ఎనిమిదింటిలో అది లేదు. పండు ఉంది. పండ్ల రసం పనికొస్తుందా?

వసంత_ఒంగోలు (గురువారం, ఉదయం 7:20)

భేషుగ్గా పనికొస్తుంది మాస్టారూ. బత్తాయి రసం ఒక చిన్న గ్లాసు, 150 మిల్లీలీటర్ల దాకా. పాలు మాత్రం ఆ సమయానికి వద్దు, వాటిలోని వెన్న వల్ల షుగర్ నిదానంగా ఎక్కుతుంది.

లక్ష్మి_ఆత్మకూరు (గురువారం, ఉదయం 10:10)

మొన్న నేను తప్పుగా అర్థం చేసుకున్నాను శ్రీను గారూ, ఏమీ అనుకోకండి. వసంత గారూ, మా అమ్మకు ఈ మధ్య డాపాగ్లిఫ్లోజిన్ అని కొత్త మాత్ర రాశారు. ఆమె శనివారాలు ఒంటిపూట ఉంటుంది. దాంతో షుగర్ పడిపోదట కదా?

వసంత_ఒంగోలు (గురువారం, ఉదయం 11:30)

అది ఒక్కటే అయితే పడిపోవడం అరుదే. కానీ అది మూత్రంలోకి చక్కెరను, దాంతో నీటిని పంపే మందు. ఒంటిపూట భోజనం, నీళ్లు బాగా తాగడం ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. రోజంతా ఏమీ తినకుండా ఉంటే మాత్రం షుగర్ అంకె మామూలుగా ఉంటూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మిషన్‌లో 160 ఉందని ఊరుకోవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిండు ఉపవాసాలు ఉంటానంటే ముందే డాక్టర్‌కి చెప్పండి.

బుచ్చి_శ్రీను (సోమవారం, రాత్రి 8:40)

రెండో సోమవారం. చెప్పినా వినలేదక్కా, ఉపవాసం ఉంది. నేను నిద్ర లేచేలోపే అలవాటుగా రెండు మాత్రలూ వేసేసుకుంది. నీళ్లు మాత్రం తాగింది. పదింటికి 121. ఒంటిగంటకు 89. రెండున్నరకు చెయ్యి వణుకుతోందని తనే పిలిచింది, చూస్తే 63. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫ్రిజ్‌లో తీసి పెట్టిన బత్తాయి రసం ఇచ్చాను. శివుడికి చెప్పుకుని తాగింది. పావుగంటకు 84. వెంటనే రెండు ఇడ్లీలు తినిపించాను. గంట తర్వాత 112. చెమట ఆగింది, మాట నెమ్మదించింది. పోయిన వారం ఇదే జరిగి ఉంటుంది, మేం గంటల తరబడి పడుకోబెట్టి ఊరుకున్నాం. అది తలుచుకుంటే భయమేస్తోంది.

కరీమ్_కావలి (సోమవారం, రాత్రి 9:15)

నువ్వు పక్కనే ఉన్నావు అన్నా, అదే చాలు. ఉపవాసం రోజు ఆ మాత్రల అట్ట అమ్మకు కనపడకుండా తీసిపెట్టు. మా ఇంట్లో నాన్న మాత్రలు నెల రోజులూ నా భార్య దగ్గరే ఉంటాయి.

బుచ్చి_శ్రీను (మంగళవారం, రాత్రి 8:20)

డాక్టర్ గారిని కలిశాం. అంకెలన్నీ టైంతో సహా కాగితం మీద రాసుకుని వెళ్లాను, చూడగానే ఆయనకు అర్థమైంది. క్రియాటినిన్ 1.1 వచ్చింది. ఉపవాసం రోజుకు వేరే చీటీ రాశారు. పొద్దున షుగర్ మాత్ర లేదు. రాత్రి భోజనంతో గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500. బీపీకి ఆ ఒక్క రోజు యూరిన్ మందు లేని టెల్మిసార్టన్ 40, పొద్దునే. మామూలు రోజుల్లో పాత మాత్రలే. పగలంతా కలిపి కనీసం లీటరున్నర నీళ్లు తాగాలని, నీళ్లు మానేస్తే ఉపవాసమే మానాలని అమ్మకే చెప్పారు. ఈ చీటీ ఈవిడకి మాత్రమే, ఇంకొకరికి ఇవ్వవద్దని కూడా అన్నారు, అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను.

రమణయ్య_పొదిలి (మంగళవారం, రాత్రి 9:00)

నేనూ నిన్న చూపించుకున్నాను. అటెనొలాల్ ఆపవద్దన్నారు. ఏకాదశికి ఒక గుక్క నీళ్లతో వేసుకుంటాను. మెట్‌ఫార్మిన్ మాత్రం తినని రోజు వద్దులెండి అన్నారు, అంటే నేను చెప్పింది అక్కడికి సరిపోయింది. దడ పోతుందో లేదో చూసి రాస్తాను.

బుచ్చి_శ్రీను (తర్వాతి సోమవారం, రాత్రి 10:30)

మూడో సోమవారం అయింది. పదకొండుకి 134, మూడింటికి 122, చుక్క చూసే ముందు 115. బీపీ పడుకున్నప్పుడు 128/76, నిలబడ్డాక 120/74. చెమట లేదు, వణుకు లేదు. జొన్నవాడ వెళ్లి తన కాళ్ల మీద తను నడిచి వచ్చింది.

రెండు సంగతులు మిగిలాయి. రాత్రి పులిహోర, గారెలు, పాయసం తిన్నాక రెండు గంటలకు 251 వచ్చింది. ఇది మాత్ర చాలకనా, ఉపవాసం విడవడం ఎక్కువైనందుకా? రెండోది, పదకొండుకి తలనొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి షుగర్ బాగుంది, బీపీ బాగుంది, నీళ్లు తాగింది. అంటే అక్క చెప్పినట్టు కాఫీదే.

వసంత_ఒంగోలు (మంగళవారం, ఉదయం 6:50)

సంతోషం శ్రీనూ. 251కి ముందు పళ్లెం మార్చి చూడు. దీపం పెట్టాక కొంచెం పండు, అరగంట ఆగి అన్నం, పప్పు, కూర. పాయసం రెండు చెంచాలు. ఆ అంకె కూడా డాక్టర్‌కి చూపించు, కానీ దాన్ని చూసి నువ్వే మాత్ర పెంచకు.

తలనొప్పికి, శనివారం నుంచే కాఫీ రెండు కప్పులకు, ఆదివారం ఒకటికి తగ్గిస్తే కొంత నయం కావచ్చు. రెండు రోజుల్లో అలవాటు పూర్తిగా పోదు, నొప్పి కొంచెమైనా ఉండొచ్చు. పొద్దున పంచదార లేని చిన్న కాఫీ పడితే రాదు, అయితే అది ఆమె వ్రతానికి ఒప్పుతుందో లేదో మాస్టారే చెప్పాలి.

విశ్రాంత_తెలుగు_మాస్టారు (మంగళవారం, ఉదయం 7:30)

పాలు ఒప్పుతాయి, నీళ్లు ఒప్పుతాయి. కాఫీ గింజ సంగతి పురాణకాలంలో లేదు. నా మట్టుకు నేను తప్పు లేదంటాను, మా ఇంటావిడ ఒప్పుకోదు.

బుచ్చి_శ్రీను (మంగళవారం, ఉదయం 8:10)

అమ్మ కూడా ఒప్పుకోలేదు మాస్టారూ. తలనొప్పి నేను భరిస్తాలే, ఆ సూది మిషన్ మాత్రం దగ్గర పెట్టు అంది. నాలుగో సోమవారానికి స్ట్రిప్పులు తక్కువ ఉన్నాయి, ఈ రోజు బుచ్చి సెంటర్‌లో ఒక డబ్బా తెస్తున్నాను.